మన వీధి సంఘం వార్షిక నివేదిక: ఈసారి మన చేతులతో కట్టిన పశువుల పాక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో చాలావాటి గురించి నెలవారీ సమావేశాల్లో ఇప్పటికే మాట్లాడుకున్నాం. వానలకు ముందు కాలువ పూడిక తీయించాం, వీధి చివర రెండు దీపాలు మార్పించాం, వేసవిలో చలివేంద్రం నడిపాం. వీటి జమాఖర్చులు చివరి పేజీలో ఉన్నాయి. ఈ నివేదికలో ఎక్కువ చోటు క్రిస్మస్ పశువుల పాకకే ఇస్తున్నాను. వచ్చే ఏడు ఈ పని ఎవరు తీసుకున్నా మేము చేసిన తప్పులు వాళ్ళు మళ్ళీ చేయకూడదు.

కిందటేడు దాకా మన ఇళ్ళలో చాలామంది పాక సెట్టును బజారులోనే కొనేవాళ్ళు. ఈసారి మట్టి, గడ్డి, పాత పేపర్లతో ఎవరింట్లో వాళ్ళే చేసుకోవాలని అనుకున్నాం. నవంబరు మూడో ఆదివారం ఇరవై మందిమి పిల్లలతో సహా మేడ మీద కూర్చున్నాం. చెరువు మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, పిసికి, ఆరంగుళాల యోసేపును, మోకాళ్ళ మీద ఉన్న మరియమ్మను, ఇద్దరు గొర్రెల కాపరులను చేశాం. చూడముచ్చటగా ఉన్నాయి. మర్నాడు కాస్త ఎండ వస్తే సంతోషంగా ఎండలో పెట్టాం. సాయంత్రానికి యోసేపు మెడ దగ్గర వెంట్రుకంత గీత కనిపించింది. రెండో రోజుకు ఆ గీతలో గోరు దూరింది. మూడో రోజు తల ఊడి చేతిలోకి వచ్చింది. బొమ్మలన్నిటిదీ దాదాపు ఇదే కథ. పిల్లల ముఖాలు చూడలేకపోయాం.

వినాయక చవితికి విగ్రహాలు చేసే పెద్దాయన ఒకరు మన పక్క వీధిలోనే ఉన్నారు. వెళ్ళి చూపిస్తే బొమ్మను చేతిలో తిప్పి చూసి, "ఎండకి పెడితే పైన ఎండిద్ది, లోపల పచ్చిగానే ఉండిద్ది అమ్మా. పైది బిగుసుకుంటది, లోపలిది బిగుసుకోదు, ఇంక పగలక ఏం చేస్తది" అన్నారు. ఇంకో సంగతి కూడా ఆయనే పట్టుకున్నారు. మెడ నిలబడాలని మేము లోపల ఇనుప తీగ పెట్టాం. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది, తీగ కుంచించుకోదు. అందుకే తీగ ఉన్నచోటే ముందుగా చీలింది.

రెండో విడతలో పద్ధతి పూర్తిగా మార్చాం. పాత న్యూస్‌పేపర్ చిన్న ముక్కలుగా చించి, వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున చేత్తో మెత్తగా నలిపి నీళ్ళు పిండేశాం. మూడు పిడికిళ్ళ మట్టికి ఒక పిడికెడు ఈ పేపరు గుజ్జు కలిపి పిసికాం. పేపరులోని సన్నటి పీచు మట్టిని పట్టి ఉంచుతుంది కాబట్టి పగుళ్ళు బాగా తగ్గుతాయి. తీగ తీసేసి, లోపల పేపరు ఉండ పెట్టి దారం చుట్టి, దాని మీద అన్నివైపులా వేలి మందాన ఒకే మందంగా మట్టి పెట్టాం. తల వేరే, ఒళ్ళు వేరే చేయకుండా ఒకే ముద్ద నుంచి లాగాం. గుజ్జు కలిపిన మట్టిని మాత్రం రెండు మూడు రోజులకు మించి తడిగా ఉంచకండి, వాసన వస్తుంది. ఆ రోజుకు సరిపడా కలుపుకుంటే చాలు.

ఇంత చేసినా మన నవంబరు మన నవంబరే. ముసురు పట్టింది. ఇంట్లో పాత ఇనుప జల్లెడ మీద బొమ్మలు నిలబెట్టి, నీడలో ఫ్యాను గాలికి వదిలి, రోజుకు రెండుసార్లు తిప్పాం. పొయ్యి దగ్గర పెడదామని ఎవరికైనా అనిపించవచ్చు, అది మళ్ళీ ఎండలో పెట్టిన తప్పే. బాగా ఆరిందా లేదా అని చూడడానికి చెంపకు ఆనించాం, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అంతకంటే నమ్మకమైనది వంటింటి తక్కెడ. రెండో యోసేపు చేసిన రోజు 410 గ్రాములు ఉన్నాడు. రోజూ తూచి రాసుకున్నాం. తొమ్మిదో రోజు 292, పదో రోజు 291, పదకొండో రోజు కూడా 291. బరువు ఆగినప్పుడే రంగు వేశాం. ఒకరింట్లో టెన్షన్ పడి ఆరో రోజే మరియమ్మకు నీలం వేశారు. వారంలో ఆ రంగు పొరలు పొరలుగా లేచి, కింద బూజు చుక్కలు కనిపించాయి. గీకి, ఆరనిచ్చి మళ్ళీ వేయాల్సి వచ్చింది. సన్నటి పగులు వస్తే మాత్రం దిగులు వద్దు. ఇదే మట్టిని మజ్జిగలా పలచగా కలిపి, పగులు తడిపి నింపితే పట్టుకుంటుంది. మామూలు మట్టిలో ఆరిన బొమ్మకు ఇలా అతకడం కష్టం, పేపరు కలిపినందుకే కుదిరింది.

ఎద్దు విషయంలో పిల్లలు ముందే గట్టిగా చెప్పేశారు, మూపురం ఉన్న ఒంగోలు గిత్తే కావాలని. సువార్తల్లో అసలు ఎద్దు, గాడిద ప్రస్తావన లేదు. అవి యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలోని మాటను బట్టి పాకలోకి వచ్చాయి. 1223లో పునీత అస్సీసి ఫ్రాన్సిస్ ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో పశువుల తొట్టె ఏర్పాటు చేసినప్పుడు కూడా ఎద్దునూ గాడిదనూ తెప్పించి నిలిపాడు. మన పాకలో మన గిత్త ఉంటే తప్పేముంది అనిపించింది. నిలబడిన గిత్త కాళ్ళు సన్నగా ఉండి ముందే ఆరి విరుగుతాయి కాబట్టి దాన్ని పడుకోబెట్టి చేశాం. నాకు అన్నిటికంటే నచ్చిన బొమ్మ అదే.

పాకకు అట్టపెట్టె చాలు. పద్నాలుగు అంగుళాల వెడల్పు పెట్టెకు ముందు గోడ తీసేసి, బయట నలిపిన గోధుమరంగు కాగితం అంటించి కొండలా చేశాం. పైకప్పుకు గడ్డి దొరకడం కొంచెం కష్టమైంది. మన వైపు డిసెంబరంటే చేలల్లో నాట్లు, కోతలు వేసవి ముందర. కొత్త గడ్డి ఉండదు. వామి పైపొర వానకు నల్లబడి ఉంటుంది, చేయి లోపలికి పెట్టి పసుపు గడ్డి లాక్కోవాలి. దాన్ని చిన్న చిన్న కట్టలుగా కట్టి, చూరు దగ్గర మొదలుపెట్టి పైకి కప్పుకుంటూ వెళ్ళాం. పై వరుస కింది వరుస ముడులను దాచేస్తుంది. పై నుంచి మొదలుపెట్టిన ఇంట్లో దారాలన్నీ బయటికి కనిపించాయి.

దీపం విషయంలో కమిటీ ఒకే మాట మీద నిలబడింది. గడ్డి ఉన్నచోట కొవ్వొత్తి వద్దు, గోడ ప్లగ్గుకు పెట్టే సీరియల్ బల్బులు కూడా వద్దు. రెండు పెన్సిల్ సెల్స్‌తో వెలిగే పసుపు ఎల్‌ఈడీ తీగ ఒక్కటి చాలు. తీగను ఎదురుగా వేలాడదీస్తే చుక్కలు చుక్కలుగా కళ్ళలో పడుతుంది. దూలం వెనక దాచి, దాని వెనక గోడకు పసుపు కాగితం అంటిస్తే, వెలుగు ఆ కాగితం మీద పడి మెత్తగా తొట్టె మీదికి దిగుతుంది. సెల్స్ డబ్బా కొండ వెనక పెట్టి, స్విచ్చి చేతికి అందేలా ఉంచాం.

24వ తేదీ రాత్రి వరకు తొట్టె ఖాళీగానే ఉంచాం. పన్నెండు గంటలకు ప్రతి ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు బాలయేసును గడ్డి మీద పడుకోబెట్టారు. ముగ్గురు జ్ఞానులను గది అవతలి గూట్లో పెట్టి, రోజుకు కాస్త జరుపుకుంటూ జనవరి 6కు పాక దగ్గరికి తెచ్చాం.

ఈ పనికి సంఘం ఖర్చు రంగులు, ఎల్‌ఈడీ తీగలు, సెల్స్ వరకే. మట్టి, పేపర్లు, గడ్డి సభ్యులే తెచ్చారు.

వచ్చే ఏడు మట్టి పని సెప్టెంబరులోనే, ముసురు పట్టకముందే మొదలుపెట్టాలని కమిటీ తీర్మానించింది. బొమ్మలను ఒక్కోటి కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో వరి ఊక పోసి అందులో పెట్టి అటక మీద దాచుకోండి. గడ్డికి రంగు, వార్నిషు వేయలేదు కాబట్టి జనవరి 7న పైకప్పులన్నీ విప్పి, వామి ఇచ్చిన వాళ్ళ ఆవుకే వేసి వచ్చాం.

ఇట్లు,
కార్యదర్శి, కావలి