నెట్ లేకుండా ఇద్దరు మార్చిన లెక్క: కొత్త సింక్ ఎలా పనిచేస్తుంది

“కోల్డ్ స్టోరేజీలో నెట్ ఉండదు. ఇద్దరు గుమస్తాలు ఒకే లాట్‌ని మార్చి బయటికొస్తే ఎవరి లెక్క నిలుస్తుంది? ఎవరిదైనా ఎగిరిపోతుందా?”

సరుకు పనులు రాసుకునే మా యాప్ కొత్త వెర్షన్లో, టిక్కీల లెక్కలో ఇద్దరిదీ నిలుస్తుంది. పని ఎవరికి అప్పగించారు, ఎన్ని గంటలకు అన్నటువంటి చోట రెండు మాటలు వస్తే ఒకటి అమల్లో ఉంటుంది, రెండోది కార్డు మీదే కనబడుతూ మీ నిర్ణయం కోసం ఆగుతుంది. రెండు సందర్భాల్లో మాత్రం యాప్ సొంతంగా తేల్చలేదు, ఒక సందర్భంలో రాసింది నిజంగానే పోతుంది. అవేంటో ముందే తెలిస్తే మంచిదని ఈ ఉత్తరం.

ఒక లాట్‌తో చూద్దాం. లాట్ 214, డెలివరీ ఇవ్వాల్సినవి 60 టిక్కీలు. పొద్దున కొట్లో నెట్ ఉన్నప్పుడు ఇద్దరి ఫోన్లలోకీ ఆ పని దిగింది. మార్పు జరిగినప్పుడల్లా సర్వర్లో ఒకటి పెరిగే దాని వెర్షన్ నంబరు అప్పటికి 7. మొదటి గుమస్తా ఛాంబర్ లోపలున్నాడు. ఆ మందపాటి గోడల మధ్య ఫోన్లో ఒక్క గీత కూడా ఉండదు. అతను లారీకి 25 ఎత్తించి రాశాడు, అతని ఫోన్లో మిగిలినవి 35. వెనక వైపు గేటు దగ్గర రెండో గుమస్తా చిన్న ట్రక్కుకి 10 ఎత్తించాడు, అతని ఫోన్లో మిగిలినవి 50. నిజంగా మిగలాల్సినవి 25.

పాత పద్ధతిలో ఫోన్ నుంచి సర్వర్‌కి వెళ్ళేది “మిగిలినవి 35”, “మిగిలినవి 50” అన్న చివరి అంకెలే. వెనక చేరినది ముందుదాన్ని చెరిపేస్తుంది. 35 నిలిచినా తప్పే, 50 నిలిచినా తప్పే. చాలా యాప్‌లు ఇలాగే నడుస్తాయి. సొంతంగా కొనాల్సిన కూరగాయల జాబితా రాసుకోవడానికి అది చాలు. ఇద్దరు చేతులు పెట్టే సరుకు లెక్కకి పనికిరాదు.

కొత్త వెర్షన్లో ఫోన్ పంపేది మిగిలిన అంకె కాదు, జరిగిన పని. లోపల ఎలా ఉంటుందో చూడాలనుకునే వాళ్ళకి:

```json
{"op_id":"a-0031","task":"lot-214","type":"add","bags":-25,"seen":7}
{"op_id":"b-0112","task":"lot-214","type":"add","bags":-10,"seen":7}
```

రెండో గుమస్తాకి ముందు సిగ్నల్ దొరికిందనుకోండి. సర్వర్లో 60 లోంచి 10 పోయి 50, వెర్షన్ 8. తర్వాత మొదటి ఫోన్ బయటికొచ్చింది. 50 లోంచి 25 పోయి 25, వెర్షన్ 9. వరస తిరగేసినా అదే 25. సింక్ అయ్యేదాకా మొదటి ఫోన్లో 35 అనే కనబడుతుంది. అందుకే పైన “చివరి సింక్ 9:10” అన్న గీత పెట్టాం. ఆ టైము పాతదైతే అంకె కూడా పాతదేనని లెక్క.

యాప్ తేల్చలేని మొదటి సందర్భం ఇక్కడే ఉంది. ఒకే ఎత్తుని ఇద్దరూ రాస్తే? లారీకి ఎత్తిన అవే 25 గుమస్తా రాశాడు, ఆఫ్‌లైన్లో ఉన్న మేస్త్రీ కూడా రాశాడు. సర్వర్‌కి అవి రెండు వేర్వేరు పనుల్లాగే కనబడతాయి, 50 తీసేస్తుంది. ఇది సాంకేతికంగా గొడవే కాదు, అందుకే ప్రమాదం. మేం చేసిందల్లా ఒకటి: ఒకరిది మరొకరు చూడకముందు, ఒకే లాట్‌లో, ఒకే అంకె రెండు ఫోన్ల నుంచి వస్తే లెక్క వేసేసి, పక్కన “ఇది అదే ఎత్తా?” అని పసుపు రంగులో అడుగుతుంది. అవునంటే ఒకటి కొట్టేస్తుంది. ఒకరు 25 అని, ఇంకొకరు 24 అని రాస్తే మాత్రం పట్టుకోలేదు. లాట్‌కి ఎత్తు రాసే మనిషిని ఒక్కరినే పెట్టుకోవడం దీనికి అసలు మందు. సెట్టింగుల్లో “ఎత్తు రాసేవారు” అన్న చోట పేరు పెడితే మిగతా వాళ్ళకి ఆ బటన్ కనబడదు.

రెండో సందర్భం ఇంకా చిక్కు. ఎత్తు రాయడం వేరు, సరుకు లెక్కపెట్టి సరిచేయడం వేరు. కొత్త వెర్షన్లో ఈ రెంటికీ వేర్వేరు బటన్లున్నాయి: “ఎత్తు”, “లెక్క సరిచేయి”. మొదటి గుమస్తా 25 ఎత్తించాక ఛాంబర్లో లెక్కపెడితే 34 వచ్చాయనుకోండి. అతని ఫోన్లో ఉండాల్సింది 35. ఒకటి తక్కువని “లెక్క సరిచేయి”లో 34 కొట్టాడు. అతనికి తెలియకుండా వెనక గేటు నుంచి 10 వెళ్ళాయి. ఇప్పుడు అతను లెక్కపెట్టింది ఆ 10 వెళ్ళకముందా, వెళ్ళాకా? ముందైతే మిగిలినవి 24. తర్వాతైతే మిగిలినవి 34, అంటే లాట్‌లో ఉండాల్సిన వాటికన్నా 9 ఎక్కువ, వేరే లాట్ టిక్కీలు కలిసిపోయి ఉండాలి. రెండు జవాబులకీ మధ్య 10 టిక్కీల తేడా ఉంది. ఏ లెక్కా దీన్ని ఊహించి తేల్చకూడదు. అందుకే వెర్షన్ 7 చూసి లెక్కపెట్టిన అంకె వచ్చేసరికి, అతని ఎత్తుతో 8 కావాల్సిన సర్వర్ 8 దాటి ఉంటే, ఆ 34ని అమలు చేయకుండా పక్కన పెట్టి, మధ్యలో జరిగిన ఎత్తుల్ని వరసగా చూపిస్తుంది: “ఈ 10 మీరు లెక్కపెట్టేటప్పటికి ఛాంబర్లో ఉన్నాయా?” ఉన్నాయంటే 24, లేవంటే 34. జవాబు చెప్పేదాకా కార్డు మీద ఎర్ర చుక్క ఉంటుంది, అంకె 25 దగ్గరే ఆగుతుంది.

ఫోన్లో టైము ఉంది కదా, దాన్ని బట్టి తేల్చొచ్చు కదా అని కొందరికి అనిపిస్తుంది. ఫోన్ టైముని చేత్తో మార్చుకోవచ్చు. ఒక్క ఫోన్ తేదీ రేపటిదిగా ఉంటే, “చివర రాసినదే గెలుస్తుంది” అన్న పద్ధతిలో ఆ ఫోన్ రాసిందంతా రేపటిదాకా అందరి మీదా గెలుస్తూనే ఉంటుంది, ఎవరికీ అర్థం కాదు. వేర్వేరు యంత్రాల గడియారాలను నమ్మకుండా, ఎవరు ఏది చూశాక ఏది చేశారన్న దాన్ని బట్టి వరస కట్టొచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపించారు. పైన “seen” అన్నది ఆ ఆలోచనకి మా చిన్న రూపం. ఫోన్ టైముని మీకు చూపించడానికి మాత్రమే వాడతాం. సింక్ అయ్యే క్షణంలో సర్వర్ టైముతో ఫోన్ టైము బాగా తేడాగా ఉంటే, ఆ ఫోన్ గడియారం సరిచేసుకోమని చెబుతుంది.

మిగతా వాటి సంగతి తేలిగ్గా తేలుతుంది. ఒకరు టైము మార్చి, ఇంకొకరు నోట్ రాస్తే రెండూ ఉంటాయి, అక్కడ గొడవ లేదు. ఒకే నోట్‌ని ఇద్దరు మారిస్తే రెండూ ఒకదాని కింద ఒకటి, పేర్లతో ఉంటాయి. ఒకరు పనిని తొలగించి, ఆ సంగతి తెలియక ఇంకొకరు అందులో ఏదైనా రాస్తే, పని తిరిగొస్తుంది. అక్కర్లేని పని మళ్ళీ కనబడడం చిరాకే, కానీ రాసింది పోవడం కన్నా నయం.

సిగ్నల్ ఒక గీత ఉండి లేనట్టుండే చోట ఇంకో తంటా ఉంటుంది. ఫోన్ పంపింది సర్వర్‌కి చేరుతుంది, “అందింది” అన్న జవాబు తిరుగుదారిలో పోతుంది. ఫోన్ పాపం చేరలేదనుకుని మళ్ళీ పంపుతుంది. జాగ్రత్త లేకపోతే 25 రెండుసార్లు తగ్గుతుంది. అందుకే ప్రతి పనికీ ఫోన్లోనే, బటన్ నొక్కిన క్షణంలోనే, ఒక “op_id” పుడుతుంది (అసలువి పైన చూపిన వాటికన్నా చాలా పొడుగు). ఎన్నిసార్లు పంపినా ఆ నంబరు మారదు. సర్వర్ ఆ నంబరుని, టిక్కీల మార్పుని ఒకే ట్రాన్సాక్షన్లో రాస్తుంది, అంటే పడితే రెండూ పడతాయి, లేకపోతే రెండూ పడవు. అదే నంబరు మళ్ళీ వస్తే లెక్క ముట్టుకోకుండా పాత జవాబే ఇస్తుంది. మొదటి సందర్భంలోని జంట ఎత్తుకి ఇది పనిచేయదు, ఎందుకంటే అక్కడ ఇద్దరు మనుషులు రెండు బటన్లు నొక్కారు.

ఇక నిజంగా పోయేది. మీరు నొక్కినది ముందు ఫోన్లోని డేటాబేస్‌లో పడుతుంది, పంపాల్సిన వాటి జాబితాలోకి కూడా అదే ట్రాన్సాక్షన్లో ఎక్కుతుంది. యాప్ మూతపడినా, ఫోన్ ఆగిపోయినా అది ఉంటుంది. కానీ సింక్ కాకముందే యాప్ తీసేసినా, సెట్టింగుల్లో `Clear storage` నొక్కినా, ఫోన్ పోయినా తిరిగిరాదు. అది ఆ ఒక్క ఫోన్లోనే ఉంది, సర్వర్ దగ్గర కాపీ లేదు. `Clear cache` నొక్కితే ఫర్వాలేదు. ఒక టిక్కు అంటే ఫోన్లో ఉంది, రెండు టిక్కులంటే సర్వర్‌కి చేరింది. పైన “పంపాల్సినవి 3” అని ఉంటే ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకండి, రిపేరుకి అసలే వద్దు.

ఛాంబర్ నుంచి బయటికి రాగానే సింక్ అవుతుందని కూడా అనుకోకండి. యాప్ మూసి ఉంటే, వెనక నడిచే పనులని ఎప్పుడు నడపాలో ఆండ్రాయిడ్ నిర్ణయిస్తుంది. మళ్ళీ మళ్ళీ నడవాల్సిన పనికి 15 నిమిషాల కన్నా తక్కువ విరామం అది ఒప్పుకోదు, బ్యాటరీ ఆదా పేరుతో ఇంకా ఆలస్యం చేయగలదు. బయటికొచ్చాక యాప్ ఒకసారి తెరవండి, వెంటనే పంపుతుంది. గుమస్తాల ఫోన్లలో యాప్ సెట్టింగుల్లో బ్యాటరీని `Unrestricted` చేసుకుంటే ఆలస్యం తగ్గుతుంది.

వేసవి సెలవులకి సొరుగులో పెట్టేసిన ఫోన్ల మాట. తొలగించిన పనుల గుర్తులు సర్వర్ 90 రోజులు ఉంచుతుంది. అంతకన్నా ఎక్కువ రోజులు నెట్‌కి రాని ఫోన్, ముందు తన దగ్గర మిగిలినవి పంపేసి, తర్వాత మొత్తం జాబితా కొత్తగా దించుకుంటుంది. అలా చేయకపోతే, ఎప్పుడో తొలగించిన పనులన్నీ ఆ ఫోన్ నుంచి మళ్ళీ లేచి వస్తాయి. కాబట్టి తెరిచిన వెంటనే జాబితా ఖాళీగా కనబడితే కంగారుపడి యాప్ తీసేయకండి. వైఫై దగ్గర పెట్టి “పంపాల్సినవి 0” వచ్చేదాకా ఆగండి.

నమ్మకం కుదరకపోతే రెండు ఫోన్లతో మీరే చూడొచ్చు. “పరీక్ష” అని 60 టిక్కీలతో ఒక పని పెట్టండి. రెండు ఫోన్లలోనూ కనబడ్డాక రెంటినీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఒకదాంట్లో 25, రెండోదాంట్లో 10 ఎత్తు రాయండి. మోడ్ తీసేసి యాప్‌లు తెరవండి. రెండు చోట్లా 25 రావాలి. మళ్ళీ మోడ్‌లో పెట్టి, ఒకదాంట్లో 5 ఎత్తు రాసి, దాన్ని ముందు నెట్‌కి తీసుకురండి. ఆ తర్వాత రెండోదాంట్లో “లెక్క సరిచేయి” 20 కొట్టి నెట్‌కి తీసుకొస్తే ఎర్ర చుక్క రావాలి. “లెక్క సరిచేయి” బటనే కనబడకపోతే ఆ ఫోన్లో పాత వెర్షన్ ఉన్నట్టు.

పాతదీ కొత్తదీ కలిపి వాడితే ఏమవుతుందంటే, పాత వెర్షన్ ఇంకా చివరి అంకెనే పంపుతుంది. అది ఎత్తో, సరిచేసిన లెక్కో సర్వర్‌కి తెలియదు, కాబట్టి “లెక్క సరిచేయి” కిందే తీసుకుని, మధ్యలో ఇంకెవరైనా ఆ లాట్ ముట్టుకుంటే ప్రతిసారీ మిమ్మల్ని అడుగుతుంది. లెక్క తప్పదు గానీ ఎర్ర చుక్కలతో విసుగొస్తుంది. కొట్లో ఫోన్లన్నిటినీ ఒకే సాయంత్రం, యార్డు పని అయ్యాక అప్‌డేట్ చేయండి. అప్‌డేట్ నొక్కేముందు ప్రతి ఫోన్లోనూ “పంపాల్సినవి 0” ఉందో లేదో చూసుకోండి.