అరవై నాలుగు కాదు, యాభై తొమ్మిది

ఒరేయ్ పంతులూ,

నువ్వు పంపిన కాగితాలన్నీ చూశాను. మార్కుల మెమోలు, మీ అబ్బాయికి సీటు ఇవ్వలేమంటూ ఇక్కడి విశ్వవిద్యాలయం పంపిన తిరస్కరణ ఉత్తరం, కన్సల్టెన్సీ వాళ్లు నింపిన దరఖాస్తు ఫారం, వాటితో పాటు అబ్బాయి పేరున నువ్వు రాసిన అప్పీలు. జీవితమంతా పిల్లల వ్యాసాలు దిద్దినవాడివి కదా, ఈసారి నీ వ్యాసం నేను దిద్దితే ఉడుక్కోకు.

ముందు నువ్వు మొహమాటపడుతూ చివరి వాక్యంలో అడిగిన దానికి జవాబు చెబుతాను. నేను ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయపు ప్రవేశాల ఆఫీసులో పని చేస్తున్నంత మాత్రాన ఇంకో విశ్వవిద్యాలయానికి ఫోను చేసి మాట సాయం చేయలేను. చేస్తే అది వాడికే చెరుపు. అప్పీళ్లు చదివేవాళ్లు వాటిలో ఏం వెతుకుతారో మాత్రం చెప్పగలను, ఎందుకంటే వేసవి వచ్చిందంటే నా పని అదే.

తిరస్కరణ ఉత్తరాన్ని నువ్వు కోపంతో చదివినట్టున్నావు. నింపాదిగా మళ్లీ చదువు. సీట్లు నిండిపోయాయని గానీ, మీకంటే మెరుగైన అభ్యర్థులు ఉన్నారని గానీ అందులో లేదు. అలా రాసి ఉంటే నేను అప్పీలు వద్దనే చెప్పేవాణ్ణి. పోటీలో వెనకబడ్డవాడు నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నానని రాసినా, ఆ సీటు అప్పటికే ఇంకొకరిది అయిపోయి ఉంటుంది. మనవాడికి వచ్చింది వేరు: కోర్సుకు కావలసిన కనీస అర్హత, అంటే ఫస్ట్ క్లాస్ లేదా 60 శాతం, లేదని రాశారు. ఇది అంకెకు సంబంధించిన కారణం. అంకె మారితే మళ్లీ చూడమని అడిగే హక్కు ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకో. ఈ దేశంలో చాలా విశ్వవిద్యాలయాలు, అధ్యాపకులు ఒక అభ్యర్థి చదువును తూచి తీసుకున్న నిర్ణయం మీద అప్పీలు ఒప్పుకోవు. ‘మా అబ్బాయి ఇంతకంటే తెలివైనవాడు’ అనే వాదన వినిపించే చోటు కాదది. సాధారణంగా రెండే దారులుంటాయి. దరఖాస్తును చూసిన పద్ధతిలో పొరపాటు జరిగి ఉండాలి, లేదా దరఖాస్తు నాటికి చేతిలో లేని ముఖ్యమైన సమాచారం ఇప్పుడు వచ్చి ఉండాలి. మనది రెండోది. నువ్వేమో రెండు పేజీల పాటు మొదటి దారిలో పోట్లాడావు, వివక్ష అనే మాట కూడా వాడావు. ఆ రెండు పేజీలూ తీసెయ్. ఇక్కడ కాదంటే పైన ఇంకెవరికో చెప్పుకోవచ్చని కూడా అనుకోకు. ఇంగ్లండు, వేల్స్‌లలో విద్యార్థుల ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ ఒకటుంది గానీ, అది ప్రవేశాల తగాదాలు తీసుకోదు. కాబట్టి ఈ ఒక్క ఉత్తరం బాగా రాయాలి.

ఇప్పుడు లెక్క. డిసెంబరులో దరఖాస్తు పెట్టేనాటికి ఆరు సెమిస్టర్ల ఫలితాలే ఉన్నాయి, సీజీపీఏ 6.40. హైదరాబాద్ జేఎన్‌టీయూలో వాడి బ్యాచికి వర్తించే నిబంధనల ప్రకారం సీజీపీఏ లోంచి అర తీసేసి పదితో గుణిస్తే శాతం వస్తుంది. 6.40 లోంచి 0.5 తీస్తే 5.90, అంటే 59 శాతం. ఒక్క శాతం తక్కువ. ఆ తరువాత ఏడో సెమిస్టరులో 7.50, ఎనిమిదిలో 8.10 వచ్చాయి. మొత్తం 160 క్రెడిట్లు, సెమిస్టరుకు 20 చొప్పున వేసుకుంటే, మొదటి ఆరింటికి 768 పాయింట్లు, ఏడుకు 150, ఎనిమిదికి 162, వెరసి 1080. దాన్ని 160తో భాగిస్తే 6.75, అంటే 62.5 శాతం. సీజీపీఏ 6.5 దాటింది కనుక పట్టా మీద కూడా ఫస్ట్ క్లాస్ అనే పడుతుంది. పంతులూ, నీ మూడు పేజీల్లో ఈ లెక్క ఎక్కడుందో తెలుసా? రెండో పేజీ అడుగున, అదీ సగం వాక్యంలో. నిర్ణయాన్ని మార్చగలిగిన విషయం అదొక్కటే. అది మొదటి పేరాలో ఉండాలి.

అసలు చిక్కు దరఖాస్తు ఫారంలో ఉంది, దాన్ని నువ్వు గమనించినట్టు లేదు. శాతం అని ఉన్న గడిలో కన్సల్టెన్సీ వాళ్లు 64 అని నింపారు. సీజీపీఏను నేరుగా పదితో గుణించేశారు. మెమోలు చూస్తే 59, ఫారంలో 64. అవతల కూర్చున్న మనిషికి ఇది పొరపాటులాగా కనిపించవచ్చు, మోసంలాగా కూడా కనిపించవచ్చు. భారతదేశం నుంచి వచ్చే దరఖాస్తులు రోజూ చూసేవాళ్లకు ఈ సూత్రాలన్నీ తెలుసు, ఏ విశ్వవిద్యాలయం ఎలా లెక్క కడుతుందో పట్టికలు పెట్టుకుని మరీ చూస్తారు. వాళ్లు ఉత్తరంలో ఆ తేడా ఎత్తలేదు కదా, మనమెందుకు ఎత్తడం అంటావని నాకు తెలుసు. ఎత్తాలి. అప్పీలు వెళ్లగానే ఫైలు మొదటి నుంచి తెరుస్తారు. 62.5 అని మనం రాసిన కాగితం పక్కన 64 అని ఉన్న ఫారం ఉంటుంది. కొత్త మార్కులు వచ్చాక శాతం తగ్గడమేమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. పైగా తప్పుడు వివరాలు ఇచ్చారని తేలితే, సీటు ఇచ్చాక కూడా వెనక్కి తీసుకునే అధికారం వాళ్లకుంటుంది. కన్సల్టెన్సీ మీద నెట్టడం కూడా వద్దు. ఫారంలోని వివరాలన్నీ నిజమని ఒప్పుకుంటూ పెట్టిన పేరు వాడిదే.

ఇక నీ గుండె ఆపరేషను సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంది. వాడు రెండో సంవత్సరంలో మూడు సబ్జెక్టులు తప్పడానికి కారణం నీ బైపాస్ అని రాశావు. మెమోలు ముందు పెట్టుకుని తేదీలు చూశాను. గణితం తప్పింది ఫిబ్రవరి పరీక్షలో. నీ ఆపరేషను జూన్‌లో. జులై పరీక్షల్లో తప్పిన మిగతా రెండు సబ్జెక్టులకు నీ జబ్బు కారణమంటే ఎవరైనా నమ్ముతారు, ఎందుకంటే అది నిజం. ఆ నెలంతా వాడు నీ మంచం పక్కనే ఉన్నాడని నాకూ తెలుసు. ఫిబ్రవరి గణితానికి మాత్రం వాడు చదవకపోవడమే కారణం. నేనడిగితే ఫోనులో వాడే చెప్పాడు. ప్రతి మెమో మీదా పరీక్ష జరిగిన నెల, సంవత్సరం ఉంటాయి. డిశ్చార్జి సమ్మరీ మీద ఆసుపత్రిలో చేరిన తేదీ ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి అర నిమిషం చాలు. మూడింటికీ ఒకే కారణం చెబితే నిజమైన రెండు కూడా అబద్ధాల జాబితాలోకి పోతాయి.

కాబట్టి వివరణ ఇలా ఉండాలి. ఇంగ్లీషులో వాడి మాటల్లో వాడే రాసుకుంటాడు, నేను సారం చెబుతున్నాను:

‘నా దరఖాస్తు నాటికి ఆరు సెమిస్టర్ల ఫలితాలే ఉన్నాయి. ఇప్పుడు ఎనిమిదీ పూర్తయ్యాయి. చివరి సీజీపీఏ 6.75, మా విశ్వవిద్యాలయ సూత్రం ప్రకారం 62.5 శాతం, ఫస్ట్ క్లాస్. ఈ సమాచారంతో నా దరఖాస్తును మళ్లీ పరిశీలించమని కోరుతున్నాను. దరఖాస్తులో శాతం 64 అని ఉంది, అది తప్పు. అప్పటి మార్కులకు రావలసింది 59. సరిచేస్తూ సూత్రం ఉన్న పేజీని జతచేస్తున్నాను. రెండో సంవత్సరంలో మూడు సబ్జెక్టులు తప్పాను. మొదటిది, గణితం, నేను సరిగా చదవనందువల్ల తప్పాను. మిగతా రెండూ మా నాన్నగారికి గుండె ఆపరేషను జరిగిన మరుసటి నెలలో రాసిన పరీక్షలు. మూడింటినీ సప్లిమెంటరీలో పూర్తి చేశాను. ఆ తరువాత ఏ సబ్జెక్టూ తప్పలేదు.’

అంతే, ఇంకేమీ వద్దు. చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ప్రాణం అనే పేరా, మీ ఊరి బడి చరిత్ర, ఆ శ్లోకం, అన్నీ తీసెయ్. శ్లోకం నాకు నచ్చింది, కానీ చదివేవాడికి నా అంత తీరిక ఉండదు.

జతచేయవలసినవి నాలుగు. ఏడు, ఎనిమిది సెమిస్టర్ల మెమోలు. మార్కులన్నీ ఒకే కాగితం మీద ఉండే కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో కలిపి. శాతం సూత్రం ఉన్న నిబంధనల పేజీ. నీ డిశ్చార్జి సమ్మరీలో తేదీలున్న మొదటి పేజీ ఒక్కటే. ఆసుపత్రి బిల్లులు, ఈసీజీలు, కుట్లు కనిపించే ఫోటో (అది ఎందుకు పంపావు నాకు?) ఎవరికీ అక్కర్లేదు. కన్సాలిడేటెడ్ మెమో ఇంకా చేతికి రాకపోతే వచ్చేదాకా ఆగవద్దు. ఫలితాల ప్రతి పెట్టి, అసలు కాగితం రాగానే పంపుతానని ఒక వాక్యం రాయమను. సాధారణంగా అలాంటప్పుడు, అసలు మెమో చూపాలనే షరతు మీద సీటు ఇస్తారు.

పంపడం వాడే పంపాలి, దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్ నుంచే, దరఖాస్తు సంఖ్య పైన వేసి. నువ్వు తండ్రివైనా సరే, వాడి లిఖితపూర్వక అనుమతి లేనిదే ఇక్కడి వ్యక్తిగత సమాచార చట్టం ప్రకారం నీతో వాడి ఫైలు గురించి మాట్లాడరు. కన్సల్టెన్సీకైనా అంతే. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో పంపాలన్నది ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కోలా ఉంటుంది. వాళ్ల ప్రవేశాల విధానం పత్రంలో ఉంటుంది, ఈ రాత్రే వెతకమను. గడువుకు ఒక్కరోజు దాటినా లోపలికి చూడకుండా తిప్పి పంపేవాళ్లున్నారు.

ఫలితం ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను. సీటు ఇవ్వవచ్చు, జనవరికో వచ్చే ఏడాదికో రమ్మనవచ్చు, మళ్లీ కాదనవచ్చు. సెప్టెంబరుకే ఒప్పుకున్నా కాలం బిగువుగా ఉంటుంది. డిపాజిట్ కట్టాలి, వీసాకు కావలసిన కాస్ అనే ప్రవేశ ధ్రువీకరణ విశ్వవిద్యాలయం నుంచి రావాలి, క్షయ పరీక్ష చేయించుకోవాలి, బ్యాంకులో డబ్బు 28 రోజులు కదలకుండా ఉన్నట్టు చూపాలి, ఆపైన వీసాకు మామూలుగా మూడు వారాలు. అందుకే డబ్బు సంగతి అప్పీలు జవాబు కోసం ఆపకుండా ఇప్పుడే మొదలుపెట్టు. వాడికి ఇంకో విశ్వవిద్యాలయంలో వచ్చిన ఆ రెండో సీటు కూడా వదులుకోవద్దు. అక్కడి డిపాజిట్ గడువు ఎప్పుడో, కడితే ఏ పరిస్థితిలో తిరిగి ఇస్తారో చదివి నాకు చెప్పమను. అప్పీలు ఖాయంగా గెలిపిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకు.

వాడి చిత్తుప్రతి ఆదివారం లోపు నాకు పంపించు. నువ్వు దిద్దకుండా పంపించు. డిశ్చార్జి సమ్మరీ ఎక్కడుందో చెల్లెమ్మను అడుగు, నీకెలాగూ తెలియదు. ఉప్పు తగ్గించావా లేదా అని కూడా ఆమెనే అడుగుతాను.

ఇట్లు
నీ వెనక బెంచీవాడు