పెద్ద తెర, చీమల బారు

సంపాదకుడు గారికి,

షాపుల్లో ప్రశ్న నొక్కితే జవాబు చూపించే స్మార్ట్ తెరల గురించి పదిరోజుల నాడు మీ పేపర్లో తెగ మెచ్చుకుంటూ రాశారు. రాసినవాళ్లు వాటి ముందు ఒక్కసారైనా నిలబడ్డారా అని నా అనుమానం.

పోయిన ఆదివారం నెల్లూరులో ఒక బట్టల షాపుకు వెళ్లాను. ప్రశ్న నొక్కే స్తంభం ఇక్కడ, జవాబు వచ్చే 43 అంగుళాల తెర పదడుగుల అవతల గోడ మీద. 'చీర మార్చుకోవచ్చా' అన్నది నొక్కాను. 'మా గౌరవనీయ ఖాతాదారులకు' అంటూ మొదలై పద్నాలుగు వరుసలు వచ్చాయి, చీమల బారులాగా. కళ్లజోడు సవరించుకుని ఐదో వరుసకు చేరేసరికి తెర తనంతట తానే మొదటి పేజీకి పోయింది. మళ్లీ నొక్కాను. వెనక క్యూలో ఉన్నాయన 'ఎంతసేపు సార్' అన్నాడు. అసలు సంగతి తొమ్మిదో వరుసలో ఉంది.

తెర పెద్దది కదా, ఎంతైనా పట్టిద్దిలే అనుకుంటారు వీళ్లు. లెక్క తిరగబడి ఉంది. ఆ తెర వెడల్పు 95 సెంటీమీటర్లు, ఎత్తు 53. పదడుగుల నుంచి చూస్తే, అడుగు దూరంలో పట్టుకున్న తొమ్మిదిన్నర సెంటీమీటర్ల ముక్కంత కనపడుతుంది. అంటే అడ్డంగా తిప్పిన మన సెల్‌ఫోను కన్నా చిన్నది! ఫోన్లో రెండు మిల్లీమీటర్ల అక్షరం చదివే మనిషికి అక్కడ రెండు సెంటీమీటర్ల అక్షరం కావాలి. పైగా మనది తెలుగు. పైన గుడి, కింద ఒత్తు. 'రాష్ట్రం' అన్న మాటకు ఎంత చోటు కావాలో చూడండి. వరుసకు నాలుగైదు సెంటీమీటర్లు వదలకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుకుంటుంది. అక్షరం చిన్నదైతే దూరానికి ప, వ, ష ఒకటే. ఆ లెక్కన షాపు పేరు, తెర అడుగున ఉండే పట్టీ పోను, ఏడెనిమిది వరుసలకు మించి పట్టవు. నిలబడి చదివేవాడికి మూడే ఎక్కువ.

'7 రోజుల్లో మార్చుకోవచ్చు. బిల్లు తేవాలి. 3వ కౌంటర్.' ఇంతే కదా! మిగతా షరతులు బిల్లు వెనక వేసుకోండి, ఇంటికెళ్లి తీరిగ్గా చదువుకుంటాం. ఫోన్లో పెట్టుకున్న జవాబునే తెచ్చి గోడకు అతికిస్తే ఎట్టా?

షాపువాళ్లను అని లాభం లేదు. మొన్న ఒక ప్రభుత్వ ఆఫీసులో టీవీ పెట్టారు. సర్టిఫికెట్‌కు ఏ గది అని చూస్తే జీవో నంబరు, తేదీ, సూచికలతో సహా మొత్తం ఉత్తర్వు ఎక్కించారు. గది నంబరు మాత్రం లేదు. అటెండర్ని అడిగితే చేత్తో చూపించాడు.

వెనకటికి కావలి బస్సు బోర్డు రాసే పెయింటరు ఒక్క మాటే రాసేవాడు. బస్సు మలుపు తిరుగుతుండగానే సంచి ఎత్తుకునేవాళ్లం. ఆయనకు కంప్యూటరు రాదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, కావలి