జాతి గురించి 1950లో ఒక ప్రకటన, 1951లో మరొకటి

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక శాస్త్రవేత్తలందరూ ఏకకంఠంతో జాతి అనేదే లేదని తేల్చిచెప్పారన్న వాక్యంతో మొదలైంది. వ్యాసకర్త ఉద్దేశంతో నాకు పేచీ లేదు. కానీ వారు ఏకకంఠంతో మాట్లాడలేదు, వారు తేల్చింది కూడా సరిగ్గా అది కాదు. చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించినవాణ్ణి కనుక, ఆనాడు జరిగింది ఏమిటో కొంచెం వివరంగా రాయడానికి అనుమతి కోరుతున్నాను.

జాతి గురించి ఆనాటి ప్రకటనలను వెలువరించింది ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ యునెస్కో. దాని పుట్టుకలోనే ఈ విషయం ఉంది. 1945లో రాసుకున్న దాని నిబంధనావళి పీఠికలో, అప్పుడే ముగిసిన ఘోరయుద్ధానికి దారితీసిన కారణాల్లో మనుషులూ జాతులూ సమానం కావన్న సిద్ధాంత ప్రచారాన్ని ఒకటిగా చెప్పారు. జాతి విద్వేషాన్ని పోగొట్టడానికి పనికివచ్చే శాస్త్రీయ వాస్తవాలను ప్రచారం చేసే సంగతి చూడమని 1948లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి ఆ సంస్థను కోరింది. ఆ మేరకు 1949 డిసెంబరులో పారిస్‌లో ఎనిమిది మంది పండితులు సమావేశమయ్యారు. అమెరికాలోని నల్లజాతి సామాజికవేత్త ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ అధ్యక్షుడు. ఫ్రాన్స్ నుంచి మానవశాస్త్రజ్ఞుడు క్లోద్ లెవీస్ట్రాస్, మన దేశం నుంచి హుమాయూన్ కబీర్ ఉన్నారు. ముసాయిదా బాధ్యత మానవశాస్త్రజ్ఞుడు ఆష్లీ మాంటెగ్యూది. ఆ ప్రకటన 1950 జులై 18న వెలువడింది.

వ్యాసకర్త ఉదహరించిన ప్రసిద్ధ వాక్యం ఇందులోనిదే: సమాజంలోని వ్యవహారాలకు సంబంధించినంతవరకు జాతి అన్నది జీవశాస్త్ర విషయం అనడం కంటే ఒక సామాజిక కల్పన అనడమే సరైనది. అయితే అదే ప్రకటన అంతకుముందు పేరాల్లో, మనుషులంతా ఒకే జీవజాతికి చెందినవారని చెబుతూనే, కొన్ని జన్యువులు కొన్ని జనసమూహాల్లో ఎక్కువగా, కొన్నింటిలో తక్కువగా ఉంటాయనీ, శాస్త్రజ్ఞులు జాతి అన్న మాట వాడితే ఆ అర్థంలోనే వాడతారనీ చెప్పింది. సామాన్య వ్యవహారంలో ఆ మాట ఇంత గందరగోళం తెచ్చిపెట్టింది కనుక దాన్ని పూర్తిగా వదిలేసి ఎత్నిక్ గ్రూపులు అనడం మేలని సూచించింది. అంటే మనుషుల మధ్య తేడాలు లేవని ఎవరూ అనలేదు. ఆ తేడాలను మెట్లుగా పేర్చి ఒకరిని పైనా ఒకరిని కిందా నిలబెట్టడానికి ఆధారం లేదన్నారు.

ఈ రెంటి మధ్య తేడా రక్తం విషయంలో తేటగా కనిపిస్తుంది. ఎ, బి, ఓ గ్రూపులు దాదాపు అన్ని ప్రాంతాల జనంలోనూ ఉన్నాయి. ఎక్కడ ఏది ఎంత శాతం అన్నదే మారుతుంది. ఉదాహరణకు, బి గ్రూపు పశ్చిమ ఐరోపాలో కంటే మన దేశంలో చాలా ఎక్కువ. రోగికి రక్తం ఎక్కించేటప్పుడు చూడవలసింది గ్రూపు కుదిరిందా లేదా అన్నది. దాత చర్మం రంగుతో దానికి పని లేదు. అయినా యుద్ధకాలంలో అమెరికన్ రెడ్‌క్రాస్ నల్లవారి రక్తాన్ని మొదట తీసుకోనే లేదు, తరువాత తీసుకున్నా వేరుగా చీటీ అంటించి విడిగా నిలవ చేసింది. ఆ పద్ధతికి 1950లో గానీ స్వస్తి చెప్పలేదు. యునెస్కో ప్రకటన వెలువడింది కూడా ఆ ఏడాదే.

ప్రకటన రాగానే విమర్శలు మొదలయ్యాయి. లండన్‌లోని రాయల్ ఆంత్రపలాజికల్ ఇన్‌స్టిట్యూట్ పత్రిక ‘మ్యాన్’లో, మనుషుల శరీర లక్షణాలను కొలిచి అధ్యయనం చేసే శరీర మానవశాస్త్రజ్ఞులు అభ్యంతరాలు రాశారు. సమావేశంలో కూర్చున్నవారిలో ఎక్కువమంది సామాజిక శాస్త్రాలవారే కదా, జన్యుశాస్త్రజ్ఞులను చిత్తుప్రతి తయారయ్యాక మాత్రమే సంప్రదించారు కదా అన్నది ఒక ఆక్షేపణ. మనిషి సహకార ప్రవృత్తితోనే పుడతాడనీ, విశ్వ సోదరభావానికి జీవశాస్త్రం మద్దతు ఇస్తుందనీ చివర్లో రాసిన మాట మరొకటి. మంచి మాటే కావచ్చు, కానీ దాన్ని ఎవరు ఏ ప్రయోగశాలలో కొలిచారు? ఈ ఆక్షేపణలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. ఒక సిద్ధాంతానికి శాస్త్రాధారం లేదని చెప్పే పత్రంలో శాస్త్రాధారం లేని వాక్యం ఒక్కటి దొర్లినా ఎదుటివాడు దాన్నే పట్టుకుంటాడు.

యునెస్కో మళ్లీ మొదటికి వచ్చింది. 1951 జూన్‌లో పారిస్‌లోనే జరిగిన రెండో సమావేశానికి శరీర మానవశాస్త్రజ్ఞులనూ జన్యుశాస్త్రజ్ఞులనూ పిలిచింది. జె.బి.ఎస్. హాల్డేన్, రక్త గ్రూపుల నిపుణుడు మూరాంట్, కేంబ్రిడ్జ్ నుంచి మానవశాస్త్రజ్ఞుడు ట్రెవర్, పారిస్ నుంచి వల్వా తదితరులు వచ్చారు. మాంటెగ్యూ మళ్లీ ఉన్నా ఈసారి కలం అమెరికన్ జన్యుశాస్త్రజ్ఞుడు ఎల్.సి. డన్ చేతిలో ఉంది. వీరు సోదరభావం వాక్యాన్ని తీసేశారు. జాతి అన్న మాటను వదలమని కూడా అనలేదు. మనుషులను వర్గీకరించడానికి శాస్త్రజ్ఞులకు అది పనిముట్టుగా ఉంటే ఉండవచ్చన్నారు.

అంత మాత్రాన వెనక్కి తగ్గినట్టా? తెలివితేటల గురించి వారు రాసిన పేరా చూస్తే కాదని తెలుస్తుంది. పుట్టుకతో వచ్చే కొన్ని రకాల సామర్థ్యాలు ఒక సమూహంలో కంటే మరొకదానిలో ఎక్కువగా కనిపించడం సాధ్యమే కావచ్చుననీ, అయితే అది రుజువు కాలేదనీ మొదట ఒప్పుకున్నారు. వెంటనే, ఏ ఒక్క సమూహాన్ని తీసుకున్నా దాని లోపలి మనుషుల మధ్య సామర్థ్యాల్లో ఉండే తేడా, సమూహానికీ సమూహానికీ మధ్య ఉండే తేడాకు తక్కువేమీ కాదనీ, ఎక్కువే కావచ్చుననీ, ఇది మాత్రం నిశ్చయమనీ చెప్పారు. చివరి నిర్ణయాల్లో, మానవ సమూహాలు బుద్ధిలోనూ భావోద్వేగాల్లోనూ పుట్టుకతోనే భిన్నమైనవని నమ్మడానికి అందుబాటులో ఉన్న శాస్త్ర జ్ఞానంలో ఆధారమేదీ లేదని రాశారు. జాతుల మధ్య వివాహాల వల్ల జీవశాస్త్రపరంగా చెడు ఫలితాలు కలుగుతాయనడానికి సాక్ష్యం లేదన్నారు. చట్టం ముందు సమానత్వం, అవకాశాల్లో సమానత్వం అనే నీతిసూత్రాలు మనుషులంతా ఒకే శక్తిసామర్థ్యాలతో పుడతారన్న వాదన మీద ఆధారపడినవి కావని కూడా స్పష్టం చేశారు. 1950 పత్రం కంటే దీని గొంతు తక్కువ స్థాయిలో ఉంది. కానీ న్యాయస్థానంలో నిలబడే సాక్షి ఇదే అంటాను.

ఏకకంఠం మాటకు వస్తాను. ఈ రెండో పత్రాన్ని యునెస్కో పలు దేశాల శాస్త్రజ్ఞులకు పంపి, వచ్చిన అభిప్రాయాలను వ్యతిరేకమైనవాటితో సహా 1952లో పుస్తకంగా అచ్చువేసింది. అందులో గణాంకశాస్త్ర దిగ్గజం, కేంబ్రిడ్జ్‌లో జన్యుశాస్త్ర ఆచార్యుడు ఆర్.ఎ. ఫిషర్ తన అసమ్మతిని దాచుకోలేదు. మానవ సమూహాలు బుద్ధి వికాసానికీ భావ వికాసానికీ కావలసిన సహజశక్తిలో చాలా భిన్నమైనవని ఆయన నమ్మకం. అలా భిన్నమైన వారితో ఈ భూమి మీది వనరులను సఖ్యంగా పంచుకోవడం ఎలా అన్నదే అసలు సమస్య అన్నారు. జర్మనీకి చెందిన హాన్స్ వైనర్ట్ అయితే, సంతకాలు చేసిన పెద్దమనుషుల్లో ఎవరు తమ పిల్లను ఆస్ట్రేలియా ఆదివాసికి ఇస్తారో చెప్పమని అడిగారు. శాస్త్రాధారం గురించి జరిగే చర్చలో పిల్లనిచ్చే ప్రశ్న వచ్చిందంటే అవతలి పక్షం సరుకు అయిపోయిందని అర్థం. ఫిషర్ సంగతి వేరు. ఆయన అంతటివాడు కాదన్నప్పుడు దాన్ని దాచకుండా ప్రకటన పక్కనే అచ్చువేయడం వల్లనే ఆ పత్రం మీద నాకు నమ్మకం పెరిగింది.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తాలో గణాంకశాస్త్రజ్ఞుడు మహలనోబిస్ నడిపిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లింది సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి. ఆ పనికి రప్పించినవారిలో ట్రెవర్ ముఖ్యుడు. డాక్టరేటుకు మార్గదర్శి ఫిషర్. తరువాత ఐదారేళ్లకే ఆ ఇద్దరూ యునెస్కో వివాదంలో చెరోవైపు నిలిచారు. రావు అక్కడ వాడినది మహలనోబిస్ దూరం అనే కొలత. పుర్రె పొడవు, వెడల్పు వంటి అనేక కొలతలను కలిపి రెండు సమూహాలు ఎంత దూరంలో ఉన్నాయో అది ఒక సంఖ్యగా చెబుతుంది. ఒకటో సమూహం నుంచి రెండోదానికి ఎంత దూరమో, రెండోదాని నుంచి ఒకటోదానికీ అంతే. ఆ సంఖ్యలో పైన, కింద అన్నవి లేవు. తేడాను ఎంత సూక్ష్మంగా కొలిచినా అది అంతస్తు కాదని నా విద్యార్థులకు చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఈ ఉదాహరణే వాడేవాణ్ణి. 1951 పత్రంలో సంతకందారు హాల్డేన్ కూడా 1957లో ఆ కలకత్తా సంస్థకే వచ్చి చేరి, భారత పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

సమూహాల లోపలి తేడాలే ఎక్కువన్న 1951 నాటి మాటకు తరువాత అంకెలు దొరికాయి. 1972లో అమెరికన్ జన్యుశాస్త్రజ్ఞుడు రిచర్డ్ లెవాంటిన్ 17 రకాల రక్త గ్రూపుల, ప్రోటీన్ల సమాచారాన్ని లెక్కించి చూస్తే, మనుషుల మధ్య ఉన్న మొత్తం జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఏ ఒక్క జనసమూహం లోపలైనా కనిపించేదే అని తేలింది. జాతులుగా పిలిచే పెద్ద విభాగాల మధ్య తేడా వాటా ఆరు శాతం పైచిలుకు మాత్రమే. ఈ లెక్క మనిషి పూర్వికులు ఏ ఖండంవారో జన్యువులను బట్టి చెప్పలేమని అనదు. అనేక జన్యువులను కలిపి చూస్తే చాలావరకు చెప్పవచ్చు. పూర్వికులు ఎక్కడివారో తెలిసినంత మాత్రాన అంతస్తు తెలియదు, అంతే.

చివరిగా మన మాట గురించి. తెలుగులో జాతి అన్న ఒక్క పదమే మానవజాతికీ, జాతీయ జెండాకీ, నల్లజాతికీ, తెలుగు జాతికీ సరిపోతుంది. పారిస్ ప్రకటనలు సరిగ్గా ఈ కలగాపులగాన్నే ప్రస్తావించి, ఒక దేశంవారు గానీ, ఒక మతంవారు గానీ, ఒక భాష మాట్లాడేవారు గానీ ఆ కారణం చేత జాతి కారని, ఉదాహరణగా ఇండియాలో నివసించేవారి పేరు కూడా ఎత్తి, రాశాయి. కనుక వ్యాసం తరువాతి భాగంలో, శాస్త్రజ్ఞులు జాతి లేదన్నారు అని రాసేటప్పుడు ఏ అర్థంలోని జాతి అన్నది ఒక్క వాక్యంలోనైనా చెప్పమనీ, 1950 వాక్యం పక్కనే 1951 నాటి తెలివితేటల పేరాను కూడా తెలుగులో ఇవ్వమనీ వ్యాసకర్తను మీ ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం