ఆ డబ్బా గొలుసును విడిపించలేదు

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందటి మీ ఆదివారం సంచికలో వచ్చిన తాకట్టు గొలుసు కథ చదివాను. మా వీధిలో అందరూ చదివారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది కూడా. ఆ కంటనీరు ఆరేదాకా ఆగి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నేను పాతికేళ్ళకు పైగా బ్యాంకులో బంగారం అప్పుల కౌంటరు దగ్గర కూర్చున్నవాణ్ణి, ఉత్తరం వేడిగా ఉంటే మన్నించాలి.

కథలో గుమాస్తా కుర్రవాడు మంచివాడు, కాదనను. తండ్రి ఆపరేషన్ కోసం 2001లో తల్లి మెడలోని మూడు కాసుల గొలుసును తాకట్టు కొట్లో పెట్టి 6,000 తెచ్చాడు. రెండు రూపాయల వడ్డీ. ఆ తరవాత నెలకు 200 చొప్పున బిస్కెట్ల డబ్బాలో వేస్తూ ఆరేళ్ళు గడిపాడు. డబ్బా నిండాక 14,400 పట్టుకుని కొట్టుకు వెళ్ళాడు. వ్యాపారి లెక్క చూసి, ఇంకా 240 తక్కువైందని చెప్పి, కుర్రవాడి నిజాయితీకి ముచ్చటపడి ఆ 240 వదిలేశాడట! గొలుసును గుడ్డసంచిలోంచి తీసి చేతిలో పెట్టాడట!

రచయితకు కూడికలు వచ్చు, అంతవరకు మెచ్చుకోవాలి. 6,000 మీద నూటికి రెండు అంటే నెలకు 120. 72 నెలలకు 8,640. అసలుతో కలిపి 14,640. 240 తక్కువ, సరిపోయింది. కాని ఏ కొట్లోనూ ఆరేళ్ళపాటు ఒకే రసీదు మీద బారువడ్డీ నడవదు. ఏడాది తిరిగేసరికి రసీదు తిరగరాస్తారు. కట్టని వడ్డీ అసలులో కలుస్తుంది. ఆ లెక్కన ఆరో ఏడు ముగిసేసరికి బాకీ 21,800 దాటుతుంది. మూడు కాసుల గొలుసులో ఇరవై రెండు గ్రాములకు కాస్త అటూ ఇటూగా మేలిమి బంగారం ఉంటుంది. 2007లో పది గ్రాముల ధర పదివేల పైచిలుకు. అంటే ఆ రోజున బాకీ, గొలుసు విలువ దాదాపు సమానం. ఇక వ్యాపారి కుర్రవాడికి ముచ్చటపడాలా, గొలుసును కరిగించుకోవాలా? మధ్యలో ఒక్క నెల కూడా వడ్డీ కట్టని గొలుసును అతను ఆరేళ్ళు పట్టించుకోకుండా అలాగే ఉంచాడంటే, అది కొట్టు కాదు, మేనమామ ఇల్లు.

నా అసలు కోపం వ్యాపారి మీద కాదు, ఆ డబ్బా మీద. కథంతా ఆ డబ్బాకు హారతి పట్టింది. పొదుపు, పట్టుదల, అమ్మ మెడ! డబ్బాలో పడుకున్న డబ్బుకు వడ్డీ రాదు, కొట్లో ఉన్న బాకీకి మాత్రం రోజూ వడ్డీ పుడుతుంది. ఆ 200 నెలనెలా డబ్బాలో కాకుండా నేరుగా బాకీలోనే కట్టి ఉంటే ఏమయ్యేది? మొదటి నెల 120 వడ్డీకి పోతుంది, 80 అసలు తగ్గుతుంది. రెండో నెల 5,920 మీద వడ్డీ 118 చిల్లరే, కాబట్టి అసలు ఇంకాస్త ఎక్కువ తగ్గుతుంది. ఇలా లెక్క వేసుకుంటూ పోతే నాలుగేళ్ళకు ఒక నెల ముందే బాకీ తీరిపోతుంది. మొత్తం కట్టేది 9,300 లోపే. అదే గొలుసు బ్యాంకులో పెట్టి, ఏడాదికి నూటికి 12 వడ్డీ వేసుకున్నా, ఏటేటా తిరగరాయించుకుంటూ నెలకు అదే 200 కడితే మూడేళ్ళలో గొలుసు ఇంట్లో ఉండేది. ఆ తల్లి బోసి మెడతో అదనంగా గడిపిన మూడేళ్ళు డబ్బా పుణ్యమే.

కొట్లో అసలును కొంచెం కొంచెంగా కట్టనివ్వరు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, చాలాచోట్ల కట్టనివ్వరు. వడ్డీ మాత్రం తీసుకుంటారు, అసలు ఒకేసారి తెమ్మంటారు. ఒకవేళ తీసుకున్నా రసీదు వెనక జమ రాయరు, తమ పుస్తకంలో రాసుకున్నామంటారు. కష్టం అక్కడుంది, కథ అక్కడుంది. రచయిత దాన్ని ముట్టుకోలేదు. తాకట్టు వ్యాపారులకు చట్టం ఒకటి ఉంది. లైసెన్సు ఉండాలి, తాకట్టు పెట్టినవాడికి రసీదు ఇవ్వాలి. మా ఊరి బజారులో బోర్డు మీద లక్ష్మీదేవి బొమ్మ కనిపిస్తుంది కాని లైసెన్సు నంబరు నాకు ఎప్పుడూ కనిపించలేదు. తనిఖీ చేయవలసిన వారిని అడిగితే ఫిర్యాదు రాసివ్వమంటారు. తన గొలుసు ఆ కొట్లోనే ఉన్నవాడు ఫిర్యాదు ఎలా రాస్తాడండీ?

గుడ్డసంచి సంగతి కూడా చెప్పాలి. నేను కౌంటరులో ఉన్న రోజుల్లో కొందరు వ్యాపారులు పది పన్నెండు గొలుసులు ఒకేసారి తెచ్చి మా దగ్గర కుదువ పెట్టేవారు. అవి ఎవరివో మాకు తెలియనట్టు ఉండేవాళ్ళం, అది మా తప్పే. రెండు రూపాయలకు అప్పిచ్చి, రూపాయికి మా దగ్గర తెచ్చుకునేవారు. అందుకే విడిపించడానికి డబ్బుతో వెళ్తే ‘ఎల్లుండి రండి’ అంటారు. ఆ మాట వినగానే మీ నగ ఆ కొట్లో లేదని అర్థం చేసుకోవచ్చు. ఇప్పుడు రిజర్వు బ్యాంకు 2025 నిబంధనల్లో ఇలా మారు తాకట్టు పెట్టిన నగ మీద అప్పివ్వకూడదని రాసింది. అప్పు తీరాక ఏడు పనిదినాల్లో నగ ఇవ్వకపోతే, ఆలస్యం అప్పిచ్చినవారిదైతే రోజుకు 5,000 ఇచ్చుకోవాలని కూడా చెప్పింది. కాని అది బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు. బజారు కొట్టుకు ఆ తాఖీదు చేరదు.

మన కుర్రవాడు సంచిలోంచి తీసిన గొలుసును తూకం వేయించకుండా అమ్మ మెడలో వేసేశాడు. రసీదులో బరువు రాసి ఉందా? కొక్కెం పాతదేనా? రెండు లంకెలు తగ్గితే కంటికి ఆనదు, తక్కెడకు ఆనుతుంది. కన్నీళ్ళు తరవాత, ముందు కాటా!

ఇక మీ మాట. అదే సంచికలో, కథకు రెండు పేజీల అవతల, ఒక సంస్థ వేసిన బంగారం వేలం ప్రకటన ఉంది. ఒక తెలుగు పత్రికలో, ఒక జాతీయ పత్రికలో వేయాలన్నది నిబంధన కనుక వేశారు. చీమల బారులాంటి అక్షరాల్లో ఖాతా నంబర్లు. భూతద్దం పెట్టినా నాకు సగమే అందాయి. పల్లెటూరి తల్లి తన గొలుసు వేలానికి వచ్చిందని అందులో ఎలా కనుక్కోవాలి? మీరు కథకు అరపేజీ రంగుల బొమ్మ వేశారు, ఆ నంబర్లకు కాస్త చోటు ఇవ్వలేకపోయారు. ఒకప్పుడు ఈ పత్రికలో బజారు ధరల పట్టిక కూడా చదవగలిగేలా ఉండేది.

ఈ ఉత్తరం రచయితకు చేరవేయగలరు. 240 వదిలేసిన ఆ కొట్టు ఏ వీధిలో ఉందో ఆయన తెలియజేస్తే, మా వియ్యపురాలి నాన్‌తాడు వచ్చే నెల తిరగరాయవలసి ఉంది, తీసుకెళ్ళి అక్కడే పెట్టిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి