సంక్రాంతి ఫోటో కింద మాటలు ఇకమీదట మా షాపులోనే రాస్తాం

"అన్నా, పండుగ ఫోటో కింద రెండు ముక్కలు పాతకాలం లెక్క ఉండాలె, కానీ మా ఇంటిదే అనిపించాలె. వాట్సాప్‌ల తిరిగేటివి వద్దు. ఏం రాపియ్యాలె?"

ఫోటోకు ఫ్రేము కట్టించుకోడానికి మా షాపుకొచ్చినవాళ్లు అడిగే మాట ఇది. జవాబు చెప్పేముందు, జరిగిన సంగతి. అంచులు, మాటలు కలిపి రెడీమేడ్ డిజైన్లు పంపే ఆయన ఈసారి అన్ని ఇళ్లకూ ఒకే నాలుగు లైన్ల కవిత పెట్టి పంపాడు. అందులో కోడిపందేలు, కోనసీమ కొబ్బరితోటలు. మక్తల్ ఇంటి ఫోటో కింద కొబ్బరితోట ఎందుకని అడిగితే, "మీ దిక్కు ఎవరు చదువుతరు" అన్నాడు. ఆ మాట మాకు బాగా గుచ్చుకుంది. ఆయన దగ్గర కొనడం ఆపేశాం.

ఇక మీ నుంచి మూడు సంగతులు కావాలి: ఈసారి చేను నుంచి ఇంటికొచ్చిన పంట ఏది, ఫోటోలో అందరూ కూర్చున్న చోటేది, నడుమ కూర్చున్న పెద్దమనిషిని ఇంట్లో ఏమని పిలుస్తారు.

పంట సంగతి నిజమే చెప్పండి. మిర్యాలగూడ కాలువ కింద జనవరిలో యాసంగి నాట్లు పడుతుంటాయి. అక్కడ "బంగారు వరికంకులు" అని రాస్తే ఊళ్లో ఎవరికైనా తేడా తెలిసిపోతుంది. నాట్లనే రాయాలి. నారాయణపేట దిక్కు కంది చేసిన ఇల్లు, అరుగు మీద అవ్వ, చుట్టూ మనుమలు అనుకోండి. మేం రాసేది ఇది:

కల్లం ఎత్తినం, కందులు ఇంటికొచ్చినయి
అవ్వ అరుగు నిండింది
విశ్వావసు, పుష్యం – సంక్రాంతి 2026

పాతదనం సంవత్సరం పేరు, మాసం పేరు తెస్తాయి. సొంతదనం కందులు, అవ్వ, అరుగు తెస్తాయి. "శుభాకాంక్షలు" తీసేశాం, ఎందుకంటే అది బయటివాళ్లకు పంపే మాట, ఈ ఫోటో ఉండేది మీ గోడ మీద. సంవత్సరం పేరు దగ్గర చాలామంది తప్పుతారు. పేరు మారేది ఉగాదికి, జనవరికి కాదు. అందుకే 2026 జనవరి ఫోటోకు 2025 ఉగాదితో మొదలైన విశ్వావసే వస్తుంది, పరాభవ రాదు.

మేం ఎక్కువ మథనపడ్డది ఒక్కదాని గురించే. మీరే ఫార్వర్డ్ కవిత తెచ్చి అచ్చు వేయమంటే ఏం చేయాలి? డబ్బులు మీవి, గోడ మీది. కాదంటే గిరాకీ పోతుంది, ఇంటి పెద్దలు నొచ్చుకుంటారు. అయినా వేయం. అదే కవిత పక్కింటి గోడ మీదా కనిపిస్తే మా ఫ్రేముకు విలువేముంది? మాటలు లేకుండా ఉత్త ఫోటో కావాలంటే సంతోషంగా కట్టిస్తాం.

ధర పాతదే. ఒకరోజు ఎక్కువ పడుతుంది. ప్రూఫ్ ఫోన్‌కు పంపినప్పుడు "సంక్రాంతి"లో క్రారవడి విడిపోయిందేమో చూసి సరే అనండి. ఆ కొబ్బరితోటల ఫ్రేము ఎవరింట్లో ఉన్నా తీసుకురండి, మాటలు మార్చి పైసా తీసుకోకుండా కొత్తది కట్టిస్తాం.