మూసిన వర్క్ ఆర్డర్లు, కాలిన మోటార్లు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ పద్ధతిపై పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్‌ను. మా ఆసుపత్రిలో మరమ్మతుల వర్క్ ఆర్డర్లను అసలు లోపం తేలకుండానే మూసేస్తున్న విషయమై ఇప్పటికి మూడు అర్జీలు ఇచ్చాను. మొదటి రెండింటికి జవాబు రాలేదు. మూడో దానికి మాత్రం వారం తిరగకుండానే, "మీ అర్జీ పరిష్కరించబడినది" అని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారో, ఏమి పరిష్కరించారో అందులో లేదు. మా వర్క్ ఆర్డర్లను ఎలా మూస్తున్నారో నా అర్జీనీ అలాగే మూశారని అర్థమై, ఇక నలుగురి ముందే వ్రాయడం మేలనుకున్నాను.

పనికి ముందు ఫొటో, పని తర్వాత ఫొటో, వాడిన సామాను, పట్టిన సమయం అనే నాలుగు గడులు నింపితే తప్ప వర్క్ ఆర్డర్ మూతపడకూడదన్న నిబంధన వచ్చినప్పుడు సంతోషించిన వాళ్లలో నేనూ ఒకడిని. పాత రిజిస్టరులో "మోటారు రిపేరు చేయడమైనది" అన్న ఒక్క వాక్యంతో ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు గడులు నాలుగయ్యాయి, నాలుగూ ప్రతిసారీ నిండుతున్నాయి. అయినా మా ఆసుపత్రి బోరు మోటారు ఏడు నెలల్లో మూడుసార్లు కాలింది. అది ఎందుకు కాలిందో ఆ నాలుగు గడుల్లో వెతికినా తమకు దొరకదు.

అది 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు. మామూలుగా నడిచేటప్పుడు ఒక్కో ఫేజులో 8 ఆంపియర్లకు కాస్త అటూ ఇటూగా తీసుకుంటుంది. గత ఏడాది జూన్‌లో, నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని ఫిర్యాదు వచ్చింది. స్టార్టరు పెట్టె తెరిస్తే, కరెంటు హద్దు మీరినప్పుడు మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే పడిపోయి ఉంది. బటన్ నొక్కితే నడిచింది, గంటకు మళ్లీ పడింది. రిలే పాడైందని మా సూపర్‌వైజర్ తేల్చి, స్టోర్సులో ఉన్న కొత్త రిలే తెప్పించి బిగించమన్నారు. నేనే బిగించాను, రెండు ఫొటోలూ నేనే తీశాను. మొదటి దానిలో దుమ్ము పట్టిన పాత రిలే, రెండో దానిలో మెరిసిపోతున్న కొత్త రిలే. ఫొటోలు చూసిన వారెవరైనా పని చక్కగా జరిగిందనే అంటారు. ఆ వేళ నేనూ అదే అనుకున్నాను, అందులో నా తప్పు లేదని చెప్పను.

వాడిన సామాను గడిలో "రిలే - 1" అని ఎంచుకున్నాను. జాబితాలో ఉన్నది ఆ ఒక్క మాటే. తీసేసినది 6 నుంచి 10 ఆంపియర్ల రిలే, బిగించినది 9 నుంచి 15 ఆంపియర్లది. ఆ తేడా వ్రాయడానికి జాగా లేదు. ఎన్ని ఆంపియర్లకు పడాలో నిర్ణయించే దాని డయల్‌ను 14 దగ్గర పెట్టాము, ఇక పడలేదు. ఫొటోలో ఆ డయల్ ఉన్నది గాని, అప్‌లోడ్ అయ్యేసరికి బొమ్మ కుదించుకుపోయి అంకెలు చీమల బారులా కనిపిస్తాయి. ఎవరైనా తనిఖీ చేశారా అంటే, చేసినా వారికి కనిపించేది ఆ చీమలే.

అసలు రిలేలో దోషమే లేదు. మోటారుకు మూడు ఫేజులనూ కలిపే స్విచ్చు, అంటే కాంటాక్టరులోని మూడు కాంటాక్టుల్లో ఒకటి కాలి, గుంటలు పడి, మోటారు నడుస్తుండగా మధ్యలో పట్టు వదిలేస్తోంది. అప్పుడు మోటారు రెండు ఫేజుల మీదే ఈడ్చుకుంటుంది, మిగిలిన రెండు తీగల్లో కరెంటు ఇంచుమించు 1.7 రెట్లకు చేరుతుంది. 8 కాస్తా 13, 14 మధ్యకు వెళుతుంది. పాత రిలే అది గమనించి మోటారును కాపాడుతూ వచ్చింది. 14 దగ్గర పెట్టిన కొత్త రిలేకు అది మామూలు కరెంటే. ప్యానెల్‌లో ఒక ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు ఉంది కదా అని తమ ఇంజనీర్లు అడగవచ్చు. అది చూసేది లైను నుంచి వచ్చే వోల్టేజీని మాత్రమే, దాని తర్వాత ఉన్న కాంటాక్టు ఊడితే దానికి తెలియదు. ఆగస్టులో వైండింగు కాలింది, నవంబరులో కాలింది, జనవరిలో మళ్లీ కాలింది. మూడోసారి మోటారును బోరులోకి దింపే ముందు పట్టుబట్టి కాంటాక్టరు విప్పితే అప్పుడు కనిపించింది, బొగ్గులా నల్లబడిన ఆ కాంటాక్టు. కొన్ని వందల రూపాయల కాంటాక్టు కిట్టు అది. జూన్‌లో, మోటారు నడుస్తుండగా కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌ను మూడు తీగలకూ వేసి, ఆ మూడు రీడింగుల ఫొటో తీసి ఉంటే ఆ రోజే బయటపడేది. కానీ నిబంధన అడిగింది వస్తువు ఫొటో, రీడింగు ఫొటో కాదు.

ఇక సమయం సంగతి. ఆగస్టు వర్క్ ఆర్డర్‌లో పట్టిన సమయం 6 గంటల 20 నిమిషాలని ఉంది. 240 అడుగుల లోతు నుంచి చైన్ పుల్లీతో పన్నెండు పైపులు ఒక్కొక్కటే విప్పి మోటారును పైకి తీయడానికి ముగ్గురం పడ్డ సమయం అది. మోటారు బయటికి రాగానే ఆ ఆర్డర్‌ను మూయించారు, ఎందుకంటే 24 గంటలు దాటితే కాంట్రాక్టరుకు జరిమానా. నాలుగు రోజులకు రీవైండింగు అయ్యి తిరిగి వచ్చాక "మోటారు బిగింపు" పేరిట కొత్త ఆర్డర్ తెరిచారు, అదీ ఒక్క పూటలోనే మూతపడింది. నడిమి నాలుగు రోజులు ఏ ఆర్డర్‌లోనూ లేవు. ఆ నాలుగు రోజులూ కాన్పుల వార్డులో బాలింతల తల్లులు ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డారు. తమ కార్యాలయానికి చేరిన నివేదికలో మా ఆసుపత్రి పనులు నూటికి నూరు శాతం గడువులోపు పూర్తయ్యాయి. అభినందనలు ఎవరికి చెప్పాలో తమరే నిర్ణయించండి.

మంత్రి గారూ, ఈ ఫొటోల విధానాన్ని ఎత్తివేయమని నేను అడగడం లేదు. ముందు ఫొటోలో మోటారు నేమ్ ప్లేటు, తర్వాత ఫొటోలో నడుస్తున్నప్పటి మూడు ఫేజుల రీడింగు చదవగలిగేలా ఉండాలి. సామాను గడిలో పేరుతో పాటు దాని రేంజి, విప్పినదీ బిగించినదీ రెండూ పడాలి. సమయాన్ని పనిచేసిన సమయం, సామాను కోసం ఆగిన సమయం అని విడదీయాలి. మూసే అధికారం ఫిర్యాదు చేసిన వార్డు సిస్టర్‌కు ఉండాలి గాని కాంట్రాక్టరుకు కాదు. ఇవన్నీ ఒకేసారి కుదరవంటే, కనీసం ఒక మోటారు మీద వచ్చిన పాత ఆర్డర్లన్నీ కొత్త ఆర్డర్ తెరవగానే కనపడేట్టు చేయండి. ఆగస్టులో నాకు జూన్ ఆర్డర్ కళ్ల ముందు ఉండి ఉంటే, అందులో "రిలే - 1" అన్న మాటే నన్ను స్టార్టరు పెట్టె దగ్గరికి పంపేది. దయచేసి సామాను గడిని చూడండి. మళ్లీ చెబుతున్నాను, ముందు ఆ సామాను గడిని చూడండి.

తీసేసిన 6-10 రిలే ఇంకా నా టూల్ పెట్టెలోనే ఉంది. మొన్న దానిని పరీక్షించాను, సరిగ్గానే పనిచేస్తోంది. కాలిన కాంటాక్టు కూడా దాని పక్కనే ఉంచాను. తమ కార్యాలయం నుంచి ఎవరు అడిగినా రెండూ తెచ్చి చూపిస్తాను, వాటికి వేరే ఫొటోలు తీయమని మాత్రం అడగవద్దని మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఎలక్ట్రీషియన్